వెనక్కి తీసుకోలేని అడుగు

ఫ్రెంచి గణితవేత్త ఆంత్వాన్ ఒగుస్తెన్ కూర్నో 1838లో సంపద సిద్ధాంతాన్ని గణిత సూత్రాలతో వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. పోటీ ఎలా నడుస్తుందో చూపడానికి అందులో చాలా చిన్న ఉదాహరణ ఎంచుకున్నాడు. రెండు ఖనిజ జలపు ఊటలు ఉన్నాయి, ఒక్కో ఊటకు ఒక్కో యజమాని. రెండు ఊటల నీటికీ ఒకే గుణం, ఇద్దరూ ఒకే బజారుకు పంపుతారు. ఎన్ని పీపాలు పంపాలో ఎవరికి వాళ్లు తేల్చుకోవచ్చు. ధర మాత్రం వాళ్ల చేతిలో ఉండదు, బజారుకు చేరిన మొత్తం నీటిని బట్టి అదే తేలుతుంది. ఇద్దరూ ఒకరి నిర్ణయం ఒకరికి తెలియకుండా లెక్క వేసుకుంటే పోటీ ఎక్కడ స్థిరపడుతుందో కూర్నో కనుక్కున్నాడు. దాదాపు నూరేళ్ల తరవాత, 1934లో, జర్మన్ ఆర్థికవేత్త హైన్రిష్ ఫాన్ స్టాకెల్‌బర్గ్ తన పుస్తకంలో ఇదే కథకు చిన్న మార్పు చేశాడు. ఇద్దరిలో ఒకడు ముందు నిర్ణయించుకుంటాడు, రెండోవాడు అది చూసి తన నిర్ణయం తీసుకుంటాడు. అంతకుమించి ఏమీ మారదు. నీరు అదే, ఖర్చు అదే, కొనేవాళ్లూ వాళ్లే. అయినా ఫలితం పూర్తిగా మారిపోతుంది: ముందు కదిలినవాడి లాభం పెరుగుతుంది, వెనక కదిలినవాడి లాభం దాదాపు సగానికి పడిపోతుంది.

దీన్ని సాధారణంగా ‘ముందు వచ్చినవాడికి లాభం’ అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. ఆ మాట సగమే నిజం అని నా అభిప్రాయం. లెక్కను చివరిదాకా వేసి చూస్తే, తొలి యజమానికి లాభం తెచ్చిపెట్టింది గడియారం కాదని తెలుస్తుంది. అతని నిర్ణయాన్ని ఎదుటివాడు చూశాడు, దాన్ని అతను వెనక్కి తీసుకోలేడు. బలమంతా ఈ రెంటిలోనే ఉంది. ఈ రెంటిలో ఏది తీసేసినా, ముందు కదిలినా కూర్నో చెప్పిన చోటికే తిరిగి రావలసి వస్తుంది. అది ఎలాగో చూడాలంటే లెక్క దగ్గర కూర్చోక తప్పదు. హైస్కూలు లెక్కే సరిపోతుంది.

బజారు ధర ఒక సరళరేఖ మీద నడుస్తుందనుకుందాం. మొత్తం Q పీపాలు వస్తే పీపా ధర P = 130 − Q ఫ్రాంకులు. ఒక్క పీపా పెరిగితే ధర ఒక్క ఫ్రాంకు తగ్గుతుంది. కూర్నో తన ఊటలకు ఖర్చు సున్నా అనుకున్నాడు. ఖర్చు కళ్ల ముందు ఉండడం కోసం మనం పీపాకు 10 ఫ్రాంకులు వేసుకుందాం, ఇద్దరికీ సమానంగా. ఈ సమానత్వం వదులుకోకూడదు. ఖర్చులు ఒకటే అయినప్పుడు, చివర్లో లాభాల్లో తేడా కనిపిస్తే అది ఒకడి నేర్పు వల్లనో చవకగా తయారుచెయ్యడం వల్లనో వచ్చిందని ఎవరూ అనలేరు. ధరలోంచి ఖర్చు తీసేస్తే పీపా మీద మిగులు 120 − Q. ఇకమీదట మనకు కావలసింది ఈ 120 ఒక్కటే.

ముందు ఒకే యజమాని ఉన్నాడనుకోండి. అతను q పీపాలు పంపితే లాభం q × (120 − q). ఇవి రెండు సంఖ్యలు, కలిపితే ఎప్పుడూ 120. మొత్తం మారని రెండు సంఖ్యల లబ్ధం అవి సమానమైనప్పుడే అత్యధికమవుతుందని చిన్నప్పుడే నేర్చుకున్నాం. చుట్టుకొలత మారని దీర్ఘచతురస్రాల్లో చతురస్రానికే ఎక్కువ వైశాల్యం ఉంటుందన్నదీ ఈ మాటే. కాబట్టి అతను 60 పీపాలు పంపుతాడు, పీపా మీద 60 మిగులుతుంది, లాభం 3600. ఇప్పుడు రెండో యజమానిని తీసుకొద్దాం. ఎదుటివాడు 40 పంపుతున్నాడని తెలిస్తే, ఇతనికి మిగిలే జాగా 120 − 40, అంటే 80. అదే సూత్రం ప్రకారం ఇతను అందులో సగం, 40 పంపుతాడు. ఎదుటివాడు 60 పంపితే మిగిలేది 60, ఇతను పంపేది 30. మిగిలిన జాగాలో సగం: ఇదే ప్రతి యజమానికీ ఉత్తమమైన ప్రతిస్పందన. ఈ అధ్యాయం మొత్తానికి ఈ ఒక్క సూత్రం చాలు.

కూర్నో అడిగింది ఇది: ఒకరి నిర్ణయం మరొకరికి తెలియనప్పుడు ఏ జంట అంకెల దగ్గర ఇద్దరికీ మార్చుకోవాలన్న కోరిక పుట్టదు? ఒకడి 40కి రెండోవాడి జవాబు 40, దానికి మొదటివాడి జవాబు మళ్లీ 40. ఇద్దరికీ సరిపోయే జంట ఇదొక్కటే. మొత్తం 80 పీపాలు, ధర 50, ఒక్కొక్కరి లాభం 40 × 40, అంటే 1600.

ఇప్పుడు స్టాకెల్‌బర్గ్ మార్పు. తొలి యజమాని తన పీపాలు ముందే బజారుకు పంపేస్తాడు, మలి యజమాని చూస్తాడు. ఇలాంటి సమస్యను చివర నుంచి మొదలుకు విప్పాలి. మలి యజమాని ఏం చేస్తాడో మనకు తెలుసు, మిగిలినదాంట్లో సగం పంపుతాడు. తొలి యజమానికీ అది తెలుసు. అతను q పంపితే మిగిలే జాగా 120 − q. అందులో సగం మలివాడు తీసుకుంటే, మిగతా సగం పీపా మీద మిగులుగా నిలుస్తుంది. అంటే తొలివాడి లాభం q × (120 − q) ÷ 2. ఇది ఒంటరి యజమాని లాభంలో సరిగ్గా సగం. 60 దగ్గరే కాదు, q ఏ అంకె అయినా సరే సగమే. సగం చేసినంత మాత్రాన కొండ శిఖరం పక్కకు జరగదు కనుక, తొలి యజమాని పంపవలసింది ఒంటరి యజమాని పంపిన 60 పీపాలే. మలివాడు 30 పంపుతాడు. మొత్తం 90, ధర 40, పీపా మీద మిగులు 30. తొలివాడి లాభం 60 × 30 = 1800. మలివాడి లాభం 30 × 30 = 900.

ఈ 1800 దగ్గర కాసేపు ఆగాలి. ఇద్దరు యజమానులూ చీకట్లో కూడబలుక్కుని ఒంటరి యజమానిలాగా 60 పీపాలే పంపి, 3600 లాభాన్ని సమంగా పంచుకుని ఉంటే ఒక్కొక్కడికి 1800 వచ్చేది. ఎవరితోనూ కుమ్మక్కు కాకుండా, ఏ చట్టాన్నీ మీరకుండా, తొలి యజమాని ఆ మొత్తాన్నే ఒంటరిగా సంపాదించుకున్నాడు. అయితే కుమ్మక్కులో కొనేవాళ్లు పీపాకు 70 ఇచ్చుకునేవాళ్లు, ఇక్కడ 40 ఇస్తే చాలు. కూర్నో పోటీలోని 50 కన్నా కూడా ఇది తక్కువ. ఇద్దరు యజమానుల లాభాలు కలిపితే 3200 నుంచి 2700కి తగ్గాయి. మలివాడు పోగొట్టుకున్న 700లో తొలివాడికి దక్కింది 200 మాత్రమే, మిగతా 500 కొనేవాళ్ల వైపు వెళ్లింది. మలివాడు నష్టపోయాడు కదా అని బజారుకు అన్యాయం జరిగిందనుకుంటే పొరపాటు. ఈ ఉదాహరణలో నాయకత్వం ఒక పోటీదారుణ్ని దెబ్బ తీస్తూనే వినియోగదారుడికి మేలు చేసింది.

తొలివాడు 40 దగ్గర ఆగకుండా 60 దాకా ఎందుకు వెళ్లాడు? 40 దగ్గర పీపా మీద మిగులు 40. మరొక పీపా పంపితే ఆ 40 వస్తుంది, కానీ ధర ఒక ఫ్రాంకు తగ్గడం వల్ల అప్పటికే ఉన్న 40 పీపాల మీద 40 పోతుంది. కూర్నో యజమాని ఇక్కడే ఆగిపోతాడు. తొలి యజమాని లెక్క వేరు. తను ఒక పీపా పెంచితే, అది చూసిన మలివాడు అర పీపా తగ్గించుకుంటాడు. బజారులో నికరంగా పెరిగేది అర పీపా, ధర తగ్గేది అర ఫ్రాంకు. 40 పీపాల మీద పోయేది 20 మాత్రమే. అందుకే ముందుకు పోతాడు. 60 దగ్గరికి వచ్చేసరికి మిగులు 30కి దిగుతుంది, అర ఫ్రాంకు చొప్పున 60 పీపాల మీద పోయేదీ 30 అవుతుంది. అక్కడ ఆగుతాడు. తను నింపిన జాగాలో సగాన్ని ఎదుటివాడి చేత ఖాళీ చేయించగలగడమే అతని లాభానికి మూలం.

ఇంతవరకు ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. అసలు ప్రశ్న ఇక్కడి నుంచి మొదలవుతుంది. మలివాడు తన 30 పీపాలూ పంపేశాడు. ఇప్పుడు తొలివాడికి నిర్ణయం మార్చుకునే అవకాశం దొరికితే 60 మీదే నిలబడతాడా? నిలబడడు. ఎదుటివాడు 30 పంపాక మిగిలిన జాగా 90, అందులో సగం 45. 45 పీపాలకు తగ్గిస్తే పీపా మీద మిగులు కూడా 45 అవుతుంది, లాభం 2025. చేతిలో ఉన్న 1800 కన్నా ఇది 225 ఎక్కువ. అంటే 60 అనేది 30కి సరైన జవాబు కానే కాదు. తొలివాడు తను నిలబడదలచుకోని చోట నిలబడ్డాడు. అతను వెనక్కి తగ్గగలడని మలివాడికి ముందే తెలిసి ఉంటే 30 దగ్గర ఆగేవాడు కాదు. తొలివాడు 45కి దిగుతాడని ఊహించి 37.5 పంపేవాడు. దానికి తొలివాడు 41.25కి దిగాలి, ఆపైన మలివాడు మరికాస్త ఎక్కాలి. ఈ మెట్లన్నీ దిగుతూ ఎక్కుతూ ఇద్దరూ చేరేది 40, 40 దగ్గరికే.

అందుకే ముందు కదలడం ఒక్కటే చాలదు అంటున్నాను. పొద్దున్నే లేచి ‘నేను 60 పంపుతాను’ అని చాటింపు వేసి, సాయంత్రం 45 పంపగల యజమానికి తొలి యజమాని బలం రాదు. ఏరు దాటి తెప్ప తగలేయడమనే మాట మనం చేసిన మేలు మరిచేవాళ్ల గురించి వాడతాం. ఇక్కడ తెప్ప తగలేసేది తన కాళ్లకు తానే బంధం వేసుకోవడానికి. ఇక తిరిగి వెళ్లే దారి లేదని ఎదురుగట్టున ఉన్నవాడు చూడాలి. అవకాశాలు తగ్గించుకున్నవాడికి లాభం పెరగడం మామూలు బుద్ధికి అందని విషయం. ఒంటరిగా తీసుకునే నిర్ణయాల్లో అవకాశం ఎక్కువైతే నష్టం ఉండదు, అక్కర్లేనిదాన్ని వదిలేయవచ్చు. ఎదుటివాడు మన అవకాశాలను చూసి తన అడుగు నిర్ణయించుకునే చోట ఆ సూత్రం పనిచెయ్యదు.

ఇదే మాట మలి యజమాని వైపు నుంచి చూస్తే మరింత వింతగా ఉంటుంది. కూర్నో పోటీలో అతనికి ఎదుటివాడి నిర్ణయం తెలియదు, లాభం 1600. ఇక్కడ తెలుసు, లాభం 900. ఎక్కువ తెలిసినందువల్ల అతను 700 నష్టపోయాడు. అతను కళ్లు మూసుకుని ఉంటాడని, తొలివాడి పీపాల లెక్క చూడనే చూడడని తొలివాడికి ఖాయంగా తెలిసి ఉంటే, తొలివాడు 60 పంపడానికి కారణమే ఉండేది కాదు. నష్టం తెచ్చింది సమాచారం కాదు, అతని దగ్గర సమాచారం ఉందని ఎదుటివాడికి తెలియడం.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. మలివాడు అంత మెతకగా ఎందుకుండాలి? ‘నువ్వెంత పంపినా నేను 40 పంపుతాను’ అని ముందే చెప్పవచ్చు కదా? తొలివాడు ఆ మాట నమ్మితే అతనికి ఉత్తమమైనది 40, ఆట కూర్నో దగ్గరే తేలిపోతుంది. నమ్మాలా అన్నదే సమస్య. తొలివాడు ఆ బెదిరింపును పట్టించుకోకుండా 60 పంపేశాడనుకోండి. ఇప్పుడు మలివాడు మాట నిలబెట్టుకుని 40 పంపితే పీపా మీద మిగిలేది 20, లాభం 800. మాట తప్పి 30 పంపితే 900. సొంత లాభం మాత్రమే చూసుకునేవాడు మాట తప్పుతాడు, తొలివాడికి ఆ సంగతి ముందే తెలుసు. చెప్పినా చెయ్యని బెదిరింపును లెక్కలోంచి తీసేయాలన్నది సిద్ధాంతం ఇచ్చే జవాబు.

మనుషులు ఇలా చేస్తారా అన్నది వేరే ప్రశ్న. ఆ అంకెల్నే ఇంకోసారి చూడండి. మలివాడు మొండికేసి 40 పంపితే తను పోగొట్టుకునేది 100. తొలివాడికి మిగిలేది 60 × 20 = 1200, అంటే అతను పోగొట్టుకునేది 600. నూరు ఖర్చుపెట్టి ఎదుటివాడికి ఆరొందలు నష్టం చేయగలిగే పరిస్థితి ఇది. కోపం వచ్చిన మనిషికి ఇది చవక బేరమే. స్టెఫెన్ హుక్, వీలాండ్ ముల్లర్, హాన్స్ తియో నోర్మన్ అనే ఆర్థికవేత్తలు ప్రయోగశాలలో మనుషుల్ని జంటలుగా కూర్చోబెట్టి ఈ ఆట ఆడించి, 2001లో ఫలితాలు ప్రచురించారు. కూర్నో ఆటకన్నా స్టాకెల్‌బర్గ్ ఆటలో మొత్తం ఉత్పత్తి ఎక్కువగానే ఉంది, సిద్ధాంతం చెప్పిన దిశ అదే. కానీ నాయకులు సిద్ధాంతం చెప్పినంత దూరం వెళ్లలేదు. నాయకుడు మరీ ఎక్కువ తీసుకున్నప్పుడు అనుచరులు తమ ఉత్తమ జవాబుకన్నా ఎక్కువ ఉత్పత్తి చేసి దెబ్బ తీశారు. నాయకుడు ఇది ఊహించగలిగితే తగ్గి ఉండడమే తెలివి. దీనివల్ల సిద్ధాంతం కూలిపోయిందని నేననుకోను. లాభం మాత్రమే చూసుకునే వాటాదారుల సంస్థలకు ఆ లెక్క మరింత దగ్గరగా సరిపోవచ్చు. కానీ ఎదుట మనిషి ఉన్నప్పుడు 1800 అనేది చేరుకోగల గరిష్ఠం, ఖాయంగా చేతికందే మొత్తం కాదు.

చూడడం అన్న రెండో షరతు ఎంత సున్నితమో కైల్ బాగ్వెల్ 1995లో చూపించాడు. మలివాడికి తొలివాడి పీపాల లెక్క కచ్చితంగా కాక, అప్పుడప్పుడు చిన్న పొరపాటుతో అందుతుందనుకోండి. నూటికి ఒక్కసారి తప్పు చేరుతుంది, అంతే. ఆ చిన్న మసక వల్ల తొలివాడి లాభం కొంచెమే తరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. బాగ్వెల్ వాదన ఇలా సాగుతుంది. తొలివాడు తప్పకుండా 60 పంపుతాడని మలివాడికి నమ్మకం కుదిరిందనుకుందాం. అప్పుడు 45 అని కబురు వచ్చినా అతను దాన్ని కబురులో పొరపాటుగానే తీసుకుంటాడు, 30కి కట్టుబడి ఉంటాడు. అలా అయితే తొలివాడు నిజంగానే 45 పంపి 2025 సంపాదించుకోవచ్చు. కాబట్టి 60 పంపుతాడన్న నమ్మకం తనను తానే చంపుకుంటుంది. పాచికలు వెయ్యకుండా, ఒకే అంకెను కచ్చితంగా ఎంచుకునే ఆటగాళ్ల మధ్య మిగిలేది మళ్లీ 40, 40. అయితే అప్పుడప్పుడు అంకె మార్చి ఆడే వ్యూహాలను కూడా లెక్కలోకి తీసుకుంటే, మసక తక్కువగా ఉన్నప్పుడు స్టాకెల్‌బర్గ్ ఫలితానికి చాలా దగ్గరి స్థితి బతికే ఉంటుందని ఎరిక్ ఫాన్ దామ్, శాక్ హుర్కెన్స్ 1997లో చూపించారు. అందువల్ల బాగ్వెల్ వాదనను మరణశిక్షగా కాక హెచ్చరికగా తీసుకోవడం సరైనదని నా అభిప్రాయం. ముందు కదిలినవాడు తన అడుగును దాచుకుంటే నష్టపోతాడు. వ్యాపార రహస్యాన్ని కాపాడుకోవడమే తెలివి అనుకునేవాళ్లకు ఈ ఆట అచ్చంగా ఎదురు పాఠం చెబుతోంది.

నాయకత్వం అంత లాభమైతే ఇద్దరూ దానికే ఎగబడరా? స్టాకెల్‌బర్గ్‌ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ ప్రశ్నే. ఎదుటివాడు తగ్గుతాడన్న ధీమాతో ఇద్దరూ చెరి 60 పంపితే మొత్తం 120. ధర 10కి, అంటే సరిగ్గా ఖర్చు దగ్గరికి పడిపోతుంది. ఇద్దరి లాభమూ సున్నా. ఇలాంటి బజారు తనంతట తాను కుదురుకోదని, ప్రభుత్వమే పట్టుకుని నడపాలని స్టాకెల్‌బర్గ్ తేల్చాడు. ఆయన 1931లోనే నాజీ పార్టీలో చేరినవాడు; ఆ ముగింపులో రాజకీయం పాలు ఎంతో పాఠకులు గమనించుకోవాలి. లెక్క మాత్రం ఆ ముగింపుకు బలవంతం చెయ్యదు. ఎవరు ముందు అన్నది ఆట బయటి పరిస్థితి తేల్చాలన్నంత వరకే అది చెబుతుంది: ఒకడి ఊట ముందు తవ్వారు, ఒకడికి అనుమతి ముందు వచ్చింది, ఒకడి దగ్గర డబ్బు ముందు పోగైంది.

‘ముందు వచ్చిన చెవులకన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి’ అనే సామెత ఎదురు చెబుతోంది కదా అంటే, అది నిజమయ్యే బజారులూ ఉన్నాయి. పీపాల సంఖ్యకు బదులు ధర ప్రకటించే పోటీలో, సరుకులు కాస్త వేర్వేరుగా ఉంటే, ముందు ధర చెప్పినవాడి కన్నా అది చూసి కొంచెం తగ్గించి చెప్పేవాడికే ఎక్కువ దక్కుతుంది. ఎస్తెర్ గాల్-ఓర్ 1985లో ఈ తేడాకు మూలం పట్టుకుంది. ఒకడు పెంచితే రెండోవాడు తగ్గించే చోట ముందువాడికి లాభం, ఒకడు పెంచితే రెండోవాడూ పెంచే చోట వెనకవాడికి లాభం. మన ఊటలు మొదటి రకం.

ఇక మిగిలింది, నిజమైన వ్యాపారంలో వెనక్కి తీసుకోలేని అడుగు ఎలా వేస్తారన్నది. అవినాశ్ దీక్షిత్ 1980లో ఇచ్చిన జవాబు కర్మాగారం. ముందుగానే పెద్దది కడితే ఆ డబ్బు తిరిగిరాదు, అక్కణ్నుంచి ఒక్కో పీపాకూ అయ్యే ఖర్చు తక్కువ, కాబట్టి ఎక్కువ తయారుచెయ్యడమే లాభం. మాట కన్నా కట్టడం నమ్మదగినది. కానీ మన అంకెలతో దీన్ని పరీక్షిస్తే ఒక హద్దు బయటపడుతుంది. పీపాకు అయ్యే 10 ఫ్రాంకులూ ముందే కట్టడంలో పెట్టేశాడనుకుందాం. ఇకపై పీపా నింపడానికి ఖర్చే లేదు. అప్పుడు కూడా, ఎదుటివాడు 30 పంపితే తొలివాడికి ఉత్తమమైనది (130 − 30)లో సగం, అంటే 50. అరవై పీపాలకు సరిపడా షెడ్డు కట్టినా పది పీపాల జాగా ఖాళీగా ఉంచడమే అతనికి లాభం, మలివాడికీ అది కనిపిస్తూనే ఉంటుంది. లెక్కను చివరిదాకా లాగితే ఆట సుమారు 47, 37 దగ్గర తేలుతుంది. తొలివాడి లాభం 1711 చిల్లర. కూర్నో లాభం కన్నా మెరుగే, 1800కి మాత్రం చేరదు. పూర్తి 60 నమ్మదగినది కావాలంటే ముందే పెట్టి తిరిగిరాని ఖర్చు పీపాకు 30 దాకా ఉండాలి. బజారులో మిగులు అప్పుడూ ఇంతే ఉండాలంటే ధర 150 నుంచి మొదలవ్వాలి. అలాంటి చోట పీపా 60 ఫ్రాంకులకు అమ్ముడవుతుంది, అందులో సగం కట్టడంలో కలిసిపోయిన సొమ్ము. పీపాలో నీళ్లు నింపే వ్యాపారంలో ఇది జరిగేది కాదు. యంత్రాలూ గొట్టాలే ప్రధానమైన భారీ రసాయన పరిశ్రమలో జరగవచ్చు.

జరిగిన చోటు ఒకటుంది. గోడల రంగులకు తెల్లదనమిచ్చే టైటానియం డయాక్సైడ్ పొడిని తయారుచేసే అమెరికన్ సంస్థ డ్యూపాంట్, 1970ల మొదట్లో ఒక అదృష్టకరమైన స్థితిలో పడింది. పోటీదారుల్లో కొందరు వాడే రూటైల్ ఖనిజం ధర పెరిగింది, పాత సల్ఫేట్ పద్ధతి వాడేవాళ్ల మీద కాలుష్య నియంత్రణ భారం పడింది. డ్యూపాంట్ ఒక్కటే చవకైన ఇల్మనైట్ ఖనిజం నుంచి క్లోరైడ్ పద్ధతిలో తయారుచెయ్యగలిగింది. మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల నల్ల ఇసుకలో ఉన్నదీ ఈ ఇల్మనైటే. దాదాపు 30 శాతం వాటా ఉన్న డ్యూపాంట్, పెరగబోయే గిరాకీని తన కొత్త సామర్థ్యంతోనే నింపి 1985 నాటికి సగానికి పైగా బజారును చేజిక్కించుకోవాలని 1972లో నిర్ణయించుకుంది, విస్తరణ ప్రణాళికను దాచుకోకుండా బయటపెట్టింది. మన లెక్కలోని రెండు షరతులూ ఇక్కడ ఉన్నాయి. కానీ ఖర్చులు సమానం అన్న మూడోది లేదు. డ్యూపాంట్ ఎదుగుదలలో ఎంత భాగం ముందు కదలడం వల్ల వచ్చిందో, ఎంత చవక ఖనిజం వల్ల వచ్చిందో విడదీయడం అందుకే కష్టం. సమాన ఖర్చుల లెక్క ఇచ్చే స్పష్టత మైదానంలో అరుదుగా దొరుకుతుంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1978లో గుత్తాధిపత్య ప్రయత్నమని అభియోగం మోపి, 1980లో దాన్ని కొట్టేసింది. తక్కువ ఖర్చున్న సంస్థ గిరాకీని ఊహించి విస్తరించడం న్యాయమైన పోటీయేనని తేల్చింది. కొనేవాళ్ల వైపు నుంచి మన లెక్క చెప్పినదానితో ఆ తీర్పు కలుస్తుంది. ఆ విస్తరణలో భాగంగా మిసిసిపీ రాష్ట్రంలోని డిలైల్ దగ్గర కట్టిన ప్లాంటు 1979లో పని మొదలుపెట్టింది. 2015లో డ్యూపాంట్ ఈ వ్యాపారాన్ని కెమూర్స్ అనే వేరే సంస్థగా విడదీసి వదులుకుంది. ఆ ప్లాంటు మాత్రం కట్టిన చోటే కొత్త యజమాని చేతికి వెళ్లి, అదే తెల్లపొడిని తయారుచేస్తూ వచ్చింది.